పేరు తీసేసినా పోల్చుకోగల మనుషులు

డేటా విభాగంలో ఇంటర్న్‌గా చేరినవాళ్లకు మొదట్లోనే తగిలే పని ఒకటుంది. సర్వే ఫైలు చేతికిచ్చి, "పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి టీమ్ అందరికీ పంపించు" అంటారు. వినడానికి ఐదు నిమిషాల పని. కానీ ఆ రెండు కాలమ్‌లు పోయినా ఫైల్లో మనుషులు మిగిలే ఉంటారు. ఎలాగో అమెరికాలో జరిగిన ఒక ఉదంతం చూస్తే తెలుస్తుంది.

1990ల మధ్యలో మసాచుసెట్స్ రాష్ట్ర ఉద్యోగుల ఆరోగ్య బీమా చూసే సంస్థ, వాళ్ల ఆసుపత్రి వివరాలను పేర్లు, చిరునామాలు తీసేసి పరిశోధకులకు ఇచ్చింది. పుట్టిన తేదీ, ఆడా మగా అన్నది, మన పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్ మాత్రం ఉంచింది. అప్పట్లో ఎంఐటీలో చదువుతున్న లతాన్యా స్వీనీ కేంబ్రిడ్జ్ నగర ఓటర్ల జాబితాను 20 డాలర్లకు కొని, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. గవర్నర్ విలియం వెల్డ్ పుట్టిన తేదీ ఉన్నవాళ్లు ఆ జాబితాలో ఆరుగురు. వాళ్లలో మగవాళ్లు ముగ్గురు. ఆయన జిప్ కోడ్‌లో ఉన్నది ఒక్కరే. పేరు లేని ఆసుపత్రి రికార్డు గవర్నర్‌దేనని అలా తేలిపోయింది.

ఇక మన ఇంటర్న్ దగ్గరికొద్దాం. ఉదాహరణకు ఒక మండలంలోని 12 ఊళ్లలో 600 మందిని జబ్బులు, వైద్యం ఖర్చు, అప్పుల గురించి అడిగిన సర్వే అనుకుందాం. అడిగినవాళ్లు ఫోన్‌లోని కోబో లాంటి యాప్‌లో జవాబులు నింపారు. ఆ ఫైలు తెరిస్తే మనం అడిగిన ప్రశ్నలతోపాటు యాప్ తనంతట తాను చేర్చిన కాలమ్‌లూ కనిపిస్తాయి. `_uuid` అన్న గుర్తు పట్టుకుని సర్వర్ మీద అసలు ఫారం వెతకొచ్చు. జీపీఎస్ తీసుకుని ఉంటే అక్షాంశ రేఖాంశాలు సరాసరి ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్తాయి. `_submission_time` చూస్తే ఏ రోజు, ఏ వేళకు ఆ ఫారం వచ్చిందో తెలుస్తుంది. ఇవన్నీ తీసేయాలి.

ఒకటి మాత్రం చాలామంది కంటికి ఆనదు. అది వరుసల క్రమం. సర్వే చేసేవాళ్లు వీధి పొడుగునా ఇల్లు తర్వాత ఇల్లు వెళ్తారు కాబట్టి, ఫైల్లో పైనుంచి కిందికి ఉన్న వరుస ఆ వీధిలోని ఇళ్ల వరుసే అయ్యే అవకాశం ఉంది. ఆ ఊరివాళ్లు ఒక్క ఇంటిని గుర్తుపట్టినా పక్కిళ్లూ తెలిసిపోతాయి. అందుకే వరుసలను కలగాపులగం చేసి, ఆ తర్వాతే కొత్త నంబర్లు ఇవ్వాలి.

ఆ నంబర్లు ఇవ్వడంలోనూ పొరపాటు పడేవాళ్లున్నారు. ఫోన్ నంబర్‌ను హ్యాష్ చేస్తే, అంటే లెక్క ప్రకారం అర్థంకాని అక్షరాల గుంపుగా మార్చేస్తే చాలనుకుంటారు. మన మొబైల్ నంబర్లు పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపే. అంటే ఉండగలిగే నంబర్లన్నీ కలిపి 400 కోట్లు. కంప్యూటర్‌కు ఇది పెద్ద సంఖ్య కాదు. అన్నిటికీ హ్యాష్ కట్టి సరిపోల్చడానికి మామూలు ల్యాప్‌టాప్‌కు కొన్ని గంటలు చాలు. 2014లో న్యూయార్క్ టాక్సీల ప్రయాణ వివరాలు బయటికొచ్చినప్పుడు జరిగింది ఇదే. టాక్సీ నంబర్లకు హ్యాష్ కట్టి ఇచ్చారు. ఆ నంబర్లు ఏయే రకాలుగా ఉండొచ్చో ముందే తెలుసు కాబట్టి అన్నీ విప్పేశారు. యాదృచ్ఛికంగా తీసిన కొత్త నంబరు ఇవ్వడమే సురక్షితం. ఏ నంబరు ఎవరిదో చెప్పే పట్టిక ఉంచుకోక తప్పకపోతే, దాన్ని టీమ్ డ్రైవ్‌లో కాకుండా ఒకరి బాధ్యత కింద వేరేచోట ఉంచాలి. ఆ పట్టిక ఉన్నంతకాలం ఆ మనుషులను మళ్లీ గుర్తించే దారి ఉన్నట్టే. 2023 నాటి మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, డేటాను బట్టి మనిషిని గుర్తించగలమా లేదా అన్నదాన్నే చూస్తుంది.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. మిగిలిన ఊరు, వయసు, ఆడా మగా, వృత్తి అన్న నాలుగూ విడివిడిగా ఎవరినీ పట్టివ్వవు. కలిస్తే పట్టిస్తాయి. ఊళ్లో 52 ఏళ్ల అంగన్‌వాడీ టీచర్ ఎవరంటే ఆ ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఆవిడ వరుసలోనే ఆవిడ జబ్బు, ఆవిడ అప్పు ఉన్నాయి. లెక్క చూడండి: 12 ఊళ్లు, దాదాపు 60 రకాల వయసులు, ఆడా మగా, 15 వృత్తులు. వీటి కలయికలు 21,600. అన్ని అరల్లో 600 మందిని సర్దితే చాలామంది తమ అరలో ఒంటరిగా మిగులుతారు. ఎంతమంది మిగిలారో ఇలా తెలుస్తుంది:

```python
cols = ["village", "age", "sex", "occupation"]
n = df.groupby(cols, dropna=False)["sex"].transform("size")
print((n < 5).sum())
```

ఒకే రకం వివరాలున్నవాళ్లు కనీసం ఐదుగురు లేని వరుసలు ఎన్నో ఇది చెప్తుంది. ఈ కనీస సంఖ్యనే ఈ రంగంలో 'కె' అంటారు. ఐదు అన్నది శాస్త్రం తేల్చిన హద్దు కాదు, వాడుకలో ఉన్న ఒక అంకె. జబ్బుల వివరాలకు పది పెట్టుకుంటే నా దృష్టిలో ఇంకా మేలు.

ఇప్పుడు వివరాలను మొరటు చేయాలి. పన్నెండు ఊళ్లను మూడు గుంపులుగా, వయసును 35 లోపు, 35–59, 60 పైన అని మూడుగా, వృత్తులను వ్యవసాయం, కూలి, ఉద్యోగం, ఇతరం అని నాలుగుగా కలిపితే కలయికలు 72కు దిగుతాయి. సగటున అరకు ఎనిమిది మంది. అయినా సగటును నమ్మలేం. అరవై దాటిన ఉద్యోగిని ఒక్కరే ఉండొచ్చు. అలాంటి వరుసల్లో వృత్తిని ఖాళీగా వదిలేసి, మళ్లీ లెక్క చూసుకోవాలి. ఖాళీ చేసిన వరుసలే నలుగురో ఐదుగురో ఉంటే వాళ్లే ఒక చిన్న గుంపై కూర్చుంటారు కాబట్టి రెండోసారి లెక్క తప్పదు.

దీనికి మూల్యం ఉంది. ఊళ్లు కలిపేశాక ఏ ఊళ్లో వైద్యం ఖర్చు ఎక్కువో ఎవరూ చెప్పలేరు. అందుకే ఏ కాలమ్ మొరటు చేయాలో ఇంటర్న్ ఒక్కరే నిర్ణయించకూడదు. టీమ్ తేల్చాలనుకుంటున్న ప్రశ్న ఏమిటో ముందు అడగాలి. ఊరే ముఖ్యమైతే వృత్తిని పూర్తిగా తీసేసి ఊరిని ఉంచొచ్చు. ఇద్దరికి రెండు రకాల ఫైళ్లు కావాలంటే ఇవ్వొచ్చుగానీ, రెండింట్లో ఒకే నంబర్లుంటే పక్కపక్కన పెట్టి కలిపేసుకోవచ్చు. ఏ ఫైలుకు ఆ ఫైలు నంబర్లు వేరుగా ఇవ్వాలి.

గుంపులో ఐదుగురున్నా తీరని చిక్కు ఇంకొకటి ఉంది. ఆ ఐదుగురికీ క్షయ అని రాసి ఉంటే, మన మనిషి ఐదుగురిలో ఎవరైతేనేం? ఆ గుంపులో ఉన్నట్టు తెలిస్తే చాలు, జబ్బు తెలిసిపోతుంది. అశ్విన్ మచనవజ్ఝల, ఆయన సహ పరిశోధకులు 2006లో ఎత్తిచూపిన లోపం ఇదే. గుంపులో కనీసం ఇన్ని వేర్వేరు జవాబులు ఉండాలన్నది వాళ్లు చెప్పిన మందు. కాబట్టి తలలతోపాటు ప్రతి గుంపులో ఎన్ని రకాల జవాబులున్నాయో కూడా లెక్కపెట్టాలి.

చివర్లో మిగిలేది 'ఇతర వివరాలు' కాలమ్, నా లెక్కలో అన్నిటికన్నా ప్రమాదమైనది. "సర్పంచ్ తమ్ముడి దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం, కొడుకు దుబాయ్ నుంచి పంపిస్తే తీరుస్తాం" అని అందులో రాసి ఉంటే, దానిమీద ఏ గుంపు లెక్కా పనిచేయదు. పేర్లు వెతికి కొట్టేసినా ఇందులో అసలు పేరే లేదు. ఇది మనిషి కూర్చుని చదవాల్సిందే. చదివి 'ప్రైవేటు అప్పు', 'విదేశాల్లో కుటుంబ సభ్యుడు' అన్న గుర్తులుగా మార్చి, అసలు మాటల్ని ఫైల్లోంచి తీసేయాలి.

పంపేముందు ఎక్సెల్ ఫైలును అలాగే పంపకూడదు. దాచిన షీట్లు అందులోనే ఉంటాయి. పివట్ టేబుల్ ఉంటే, అసలు షీటు తీసేసినా దాని నకలు లోపల మిగిలి ఉండొచ్చు. సీఎస్‌వీగా సేవ్ చేసి, ఆ కొత్త ఫైలు తెరిచి చూసుకుని పంపాలి. తర్వాతెప్పుడో టీమ్‌లో ఎవరైనా "కులం కాలమ్ కూడా కావాలి" అని అడిగితే, దాన్ని తెచ్చి అతికించేస్తే సరిపోదు. ఐదో కాలమ్ చేరగానే పాత గుంపులన్నీ చీలిపోతాయి. లెక్క మళ్లీ మొదటినుంచి చేయాలి.