పాత టవర్ ఇచ్చే టీసీ

1969 జనవరిలో న్యూయార్క్, వాషింగ్టన్ల మధ్య నడిచే మెట్రోలైనర్ రైళ్లలో బెల్ కంపెనీ డబ్బులేసి మాట్లాడే ఫోన్లు పెట్టింది. 225 మైళ్ల దారిని తొమ్మిది ముక్కలు చేసి, ఉన్న ఆరు చానెళ్లనే ముక్క ముక్కకూ తిప్పి తిప్పి వాడుకున్నారు. రైలు ఒక ముక్క దాటుతుంటే, నడుస్తున్న కాల్‌ను తర్వాతి ముక్కకు అప్పగించే పని ఫిలడెల్ఫియాలోని కంప్యూటర్ కేంద్రానిది. ఇప్పుడు మనం హ్యాండోవర్ అంటున్నది జనం చేతికి మొదట వచ్చింది రైల్లోనే. రైల్లోనే అది మనల్ని ఎక్కువగా ఏడిపిస్తుందన్నది వేరే సంగతి.

దీని బీజం 1947 నాటిది. అప్పట్లో ఊరంతటికీ ఒకే పెద్ద యాంటెన్నా ఉండేది, ఏకకాలంలో మాట్లాడగలిగేది కొద్దిమందే. ఊరిని చిన్న చిన్న సెల్స్‌గా విడగొడితే అవే చానెళ్లను ఎన్నోసార్లు వాడుకోవచ్చని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ రింగ్ రాశాడు. కానీ సెల్ చిన్నదైతే కారులో వెళ్లేవాడు మాట మధ్యలోనే దాన్ని దాటేస్తాడు. రైలుకైతే పట్టా ఒక్కటే, తర్వాత ఎటు పోతుందో ముందే తెలుసు. కారు ఏ సందులోకైనా తిరగొచ్చు. అలా తిరిగేవాడి కాల్ తెగకుండా సెల్ నుంచి సెల్‌కు మార్చే స్విచింగ్ పద్ధతికి ఏమస్ జోయెల్ 1972లో పేటెంట్ పొందాడు.

మొదట్లో సిగ్నల్ ఎంతుందో కొలిచే పని టవర్లదే. 2జీతో ఆ పని ఫోన్‌కు వచ్చింది. మాట్లాడుతున్నంతసేపూ అది చుట్టుపక్కల టవర్లను వింటూ, వాటిలో మెరుగైన ఆరింటి వివరం సుమారు అర సెకనుకోసారి చెబుతుంది. 4జీలో పద్ధతి కొంచెం మారింది. పక్క టవర్ సిగ్నల్ మనదానికంటే, ఉదాహరణకు, రెట్టింపై, సెకనులో మూడో వంతు సేపు అలాగే నిలబడితే ఫోన్ కబురు పంపుతుంది. ఆ కాస్త ఆగడం కావాలనే పెట్టారు. సిగ్నల్ క్షణక్షణం ఎగిరిపడుతుంది కాబట్టి, ఆగకపోతే ఫోన్ రెండు టవర్ల మధ్య బంతిలా తిరుగుతూనే ఉంటుంది. కబురు అందుకున్న పాత టవర్, కొత్త టవర్‌తో మాట్లాడి చోటు ఖాయం చేయించి, 'ఇక అటు వెళ్లు' అని ఫోన్‌కు చెబుతుంది. మారేటప్పుడు సెకనులో ఇరవయ్యో వంతు ఖాళీ వస్తుంది. చెవికి అది తెలియదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. బడి మారాలంటే టీసీ ఇవ్వాల్సింది పాత బడే కదా, ఇక్కడా వెళ్లమనే ఆదేశం పాత టవర్ నుంచే రావాలి. సిగ్నల్ కొడిగడుతున్నది కూడా ఆ టవర్‌దే.

రైలు వేగం వల్లే కాల్ తెగుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క చూద్దాం. గంటకు 108 కిలోమీటర్లంటే సెకనుకు 30 మీటర్లు. హ్యాండోవర్‌కు మొత్తం అర సెకను పట్టినా రైలు కదిలేది 15 మీటర్లే. తెనాలి, బాపట్ల వైపు చదునైన పొలాల మీద రెండు టవర్ల సిగ్నళ్లు కలిసి ఉండే మేర దానికంటే చాలా ఎక్కువ. కాబట్టి అక్కడ వేగం పెద్ద అడ్డు కాదు.

ఇప్పుడు అరకు ఘాట్‌లో గంటకు 36 కిలోమీటర్లతో ఎక్కే బండిని తీసుకోండి. సెకనుకు పది మీటర్లే. కొండను తొలిచిన మలుపులోకి తిరగ్గానే వెనకున్న టవర్‌ను రాయి కప్పేస్తుంది. పది, ఇరవై మీటర్లలోనే సిగ్నల్ నూరో వంతుకు పడిపోవచ్చు. ఫోన్ కబురు వెళ్లినా బదులు రాదు. సాధారణంగా సెకను వరకు చూసి, బంధం తెగిందని తేల్చుకుని ఫోన్ సొంతంగా వెతుకులాట మొదలుపెడుతుంది. దొరికిన టవర్ దగ్గర ఈ కాల్ వివరం ఉంటే మాట మళ్లీ అందుకుంటుంది, లేకపోతే కాల్ కట్. 'హలో, హలో' అని రెండుసార్లు అనేసరికి అవతలి గొంతు తిరిగొచ్చిందంటే, ఫోన్ ఇలా పోయి వచ్చి ఉండొచ్చు.

సొరంగంలో జబ్బు వేరు. అక్కడ అప్పగించడానికి రెండో టవరే లేదు. మెట్రో సొరంగాల్లో చేసినట్టు పొడవునా సిగ్నల్ కారే కేబుల్ వేయడం దానికో మందు. నల్లమలలో శ్రీశైలం రోడ్డుదీ అదే కథ, పులుల అడవిలో టవర్లు అరుదు. ఏసీ బోగీలో ఇది ఇంకా ముదురుతుంది. ఇనుప ఒళ్లు, పూత పూసిన అద్దాలు కలిసి సిగ్నల్‌లో చాలా భాగాన్ని బయటే ఆపేస్తాయి. స్లీపర్ కిటికీ దగ్గర మాట్లాడగలిగే చోట కూడా ఏసీలో ఫోన్ మూగబోతుంది.

ఏ జబ్బో తెలుసుకోవాలంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో `*#*#4636#*#*` నొక్కితే సిగ్నల్ అంకె కనిపిస్తుంది. −85 దగ్గరుంటే బాగున్నట్టు, −120 అంటే ఆఖరి ఊపిరి. అంకె మెల్లగా దిగుతూ పోయి మాయమైతే అది డెడ్ జోన్. మాట ఆగిన సెకను తర్వాత −80కి ఎగిరితే ఆలస్యమైన హ్యాండోవర్. డెడ్ జోన్‌లో చాలాసేపు ఉన్న ఫోన్ బ్యాటరీ మిగుల్చుకోవడానికి వెతకడం తగ్గిస్తుంది. అందుకే ఊరు వచ్చినా గీతలు రాకపోతే ఫ్లైట్ మోడ్ ఒకసారి వేసి తీయండి, వెతుకులాట వెంటనే మొదటి నుంచి మొదలవుతుంది.