ఒక చీరకు మూడు బిల్లులు

"నేను కొన్నది ఒక్క చీరండీ. మూడు బిల్లులు పంపారేంటి? మూడుసార్లు డబ్బు లాగేశారా?" ఫోన్లో ఆవిడ కోపం సబబే. మూడు మెయిళ్లు, మూడు పీడీఎఫ్‌లు, మూడింటి మీదా వేర్వేరు ఇన్‌వాయిస్ నంబర్లు. మంగళగిరి చీరలను ఆన్‌లైన్లో అమ్మే ఆ చిన్న దుకాణానికి ప్రోగ్రాం రాసింది నేనే.

డబ్బు ఒక్కసారే కట్ అయింది. తప్పు జరిగింది ఆ తర్వాత.

బిల్లు పీడీఎఫ్ తయారవడానికి మా సర్వర్లో నాలుగు సెకన్లు, మెయిల్ వెళ్లడానికి మరో రెండు పట్టేది. అంతసేపు పేజీ గిర్రున తిరుగుతుంటే కొనేవాళ్లు ఊరుకోరు, బటన్ మళ్లీ నొక్కుతారు. అందుకే 'ఫలానా ఆర్డరుకు బిల్లు పంపాలి' అని ఒక చీటీ రాసి వరుసలో పెట్టి, వాళ్లకు వెంటనే 'ఆర్డరు అందింది' అని చూపించేస్తాం. ఆ వరుసే క్యూ, ఆ చీటీయే జాబ్. వెనకాల వర్కర్ అనే మరో ప్రోగ్రాం ఒక్కో చీటీ తీసి పని చేసుకుపోతుంది. పని మధ్యలో చెడితే ఆ చీటీని మళ్లీ ఎత్తుకుంటుంది.

ఆ 'మళ్లీ'లోనే ఉంది తిరకాసు. నా జాబ్ మూడు పనులు వరుసగా చేసేది: కొత్త నంబరు వేయడం, పీడీఎఫ్ తయారు చేయడం, మెయిల్ పంపడం. ఆ రోజు మెయిల్ సర్వీసు ఉత్తరాన్ని తీసుకుంది కానీ, 'అందింది' అన్న జవాబు నెట్‌వర్క్‌లో ఎక్కడో ఆగిపోయింది. వర్కర్ పది సెకన్లు చూసి, పని చెడిందనుకుని, మొదటి నుంచి మొదలుపెట్టింది. కొత్త నంబరు, కొత్త పీడీఎఫ్, ఇంకో మెయిల్. రెండోసారీ అదే తంతు. మూడోసారికి జవాబు వచ్చింది.

ఇబ్బంది ఆవిడతో ఆగలేదు. జీఎస్టీ నిబంధనల ప్రకారం ఇన్‌వాయిస్ నంబర్లు వరుసక్రమంలో ఉండాలి, ఒక ఆర్థిక సంవత్సరంలో ఏ నంబరూ రెండోసారి రాకూడదు. ఒకే అమ్మకానికి మూడు నంబర్లు ఎందుకున్నాయో దుకాణం ఆడిటర్‌కు నేనే వివరించాల్సి వచ్చింది.

చేసిన మరమ్మతు ఇది. నంబరు వేసే పనిని జాబ్ నుంచి తీసేశాను. ఆర్డరు డేటాబేసులో నమోదయ్యే ట్రాన్సాక్షన్‌లోనే నంబరూ పడుతుంది, చీటీ కూడా అందులోనే రాస్తాం. ఉంటే మూడూ ఉంటాయి, లేకపోతే ఏదీ ఉండదు. అంతకుముందు చీటీ వేరే చోట ఉండేది. ఆర్డరు నమోదయ్యాక, చీటీ పడేలోపు సర్వర్ ఆగిపోతే ఆ బిల్లు ఎప్పటికీ వెళ్లేది కాదు. మాలాంటి చిన్న దుకాణానికి పోస్ట్‌గ్రెస్‌లో ఒక టేబులే క్యూగా సరిపోయింది. వర్కర్ చీటీ తీసుకునేది ఇలా:

```sql
SELECT id, invoice_id FROM jobs
WHERE status = 'pending' AND run_at <= now()
ORDER BY run_at LIMIT 1
FOR UPDATE SKIP LOCKED;
```

చివరి లైనే కీలకం. ఒక వర్కర్ పట్టుకున్న చీటీని రెండోది ముట్టుకోదు, దాటేసి తర్వాతిది తీసుకుంటుంది. పట్టుకున్న వర్కర్ మధ్యలో చచ్చిపోతే దాని ట్రాన్సాక్షన్ రద్దయి తాళం ఊడిపోతుంది, చీటీ ఇంకొకరికి దొరుకుతుంది.

పీడీఎఫ్‌ను ఇన్‌వాయిస్ నంబరు పేరుతోనే దాస్తాం. ఆ ఫైలు ముందే ఉంటే వర్కర్ మళ్లీ తయారు చేయదు. మెయిల్‌ను వేరే జాబ్ చేశాం, పంపగానే 'పంపాం' అని రాసుకుంటుంది. అయినా పంపడానికీ, రాసుకోవడానికీ మధ్య ఒక క్షణం ఉంటుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే మెయిల్ రెండోసారి వెళ్తుంది. ఈ సందును మా వైపు నుంచి పూర్తిగా పూడ్చలేం. బిల్లు అసలు రాకపోవడం కన్నా రెండుసార్లు రావడమే నయం అనుకున్నాం, ఎందుకంటే ఇప్పుడు రెండూ ఒకే నంబరున్న ఒకే ఫైలు.

ఎన్నిసార్లు ప్రయత్నించాలన్నది అవతలి మెయిల్ సర్వర్ జవాబును బట్టి ఉంటుంది. 4తో మొదలయ్యే కోడ్ వస్తే 'తర్వాత రా' అని అర్థం. ఒక నిమిషం, ఐదు నిమిషాలు, అరగంట, ఇలా ఎడం పెంచుకుంటూ పోతాం. 550 లాంటి 5 కోడ్ వస్తే సాధారణంగా అడ్రసు తప్పే అయివుంటుంది. అదే పనిగా పంపితే మన పేరే చెడి, మంచి మెయిళ్లూ స్పామ్‌లో పడతాయి. అలాంటి చీటీలను పక్కన పెడితే దుకాణంలో ఒకరు ఫోన్ చేసి సరైన అడ్రసు కనుక్కుంటారు.

ఇంత చేశాక ఒక ఆదివారం వర్కరే ఆగిపోయింది. ఎక్కడా ఎర్రర్ లేదు, ఎర్రర్ ఇవ్వడానికి ఏదైనా నడుస్తుంటే కదా! ఆర్డర్లు మాత్రం చక్కగా వస్తూనే ఉన్నాయి. అప్పటి నుంచి క్యూలో ఎన్ని చీటీలున్నాయో చూడటం మానేశాను, పండగ రోజుల్లో ఎలాగూ పెరుగుతాయి. పంపాల్సిన వేళ దాటిన వాటిలో అన్నిటికన్నా పాత చీటీ ఎంతసేపటిగా కూర్చుందో చూస్తాను. పది నిమిషాలు దాటితే నా ఫోన్ మోగుతుంది.