కళ్ల కింద ఉబ్బు నుంచి కిడ్నీ గోడ దాకా

వైద్య విద్యార్థుల పెథాలజీ నోట్సు తిరగేస్తే ప్రతి జబ్బుకూ ఒక ఫ్లోచార్ట్ కనిపిస్తుంది. పైగడిలో కారణం, దాని కింద శరీరంలో జరిగే మార్పు, తర్వాత లక్షణాలు, పరీక్షలు, చివర ముదిరితే వచ్చే ప్రమాదాలు, నడుమ బాణాలు. పరీక్షకు దీన్ని పైనుంచి కిందికి వల్లె వేస్తారు. రోగి మాత్రం ఎప్పుడూ మధ్య గడిలోంచే వస్తాడు. అక్కడి నుంచి పైకీ కిందికీ డాక్టరే వెతుక్కోవాలి. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బుల గుంపులో ఈ వెతుకులాట బాగా తెలుస్తుంది.

నాలుగేళ్ల పిల్లాణ్ని ఊహించుకుందాం. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు. సాయంత్రానికి అది తగ్గి కాళ్లు వాస్తాయి. ఏదో పడలేదనుకుని ఎలర్జీ మందు వేస్తారు. వారం తిరిగేసరికి పొట్ట ఉబ్బుతుంది, మూత్రం నురగ కడుతుంది. పరీక్ష చేస్తే మూత్రంలో ప్రోటీన్ విపరీతంగా పోతోంది. రక్తంలో కనీసం 3.5 గ్రాములుండాల్సిన అల్బుమిన్ 1.8కి పడిపోయింది. కొలెస్ట్రాల్ 400 దాటింది. బీపీ మామూలుగానే ఉంది, మూత్రంలో రక్తం లేదు.

ఈ గడులన్నిటికీ మూలం ఒక్కచోటే ఉంది. ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల గ్లోమెరులస్‌లు, అంటే రక్తాన్ని వడకట్టే కేశనాళికల ఉండలు ఉంటాయి. వాటి గోడకు బయటివైపు పొడోసైట్లనే కణాలు సన్నని పాదాలు చాచి, వాటి మధ్య సందుల్లోంచి నీటిని వదులుతూ ప్రోటీన్‌ను ఆపుతాయి. ఆ పాదాలు చదునైపోతే అల్బుమిన్ జారిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మూత్రంలో రోజుకు 150 మిల్లీగ్రాముల లోపే పోయే ప్రోటీన్, ఈ జబ్బున్న పెద్దవాళ్లలో 3.5 గ్రాములు దాటుతుంది. లోటు పూడ్చడానికి కాలేయం ప్రోటీన్ల తయారీ పెంచుతుంది. దాంతోపాటు కొవ్వును మోసే ప్రోటీన్లూ ఎక్కువవుతాయి. కొలెస్ట్రాల్ పెరగడానికి అదొక కారణం. పిల్లాడు తిన్న నెయ్యికి అందులో పాత్రేమీ లేదు.

ఇక పైగడి వైపు వెళ్లాలి. ఈ వయసులో, ఈ లక్షణాలతో వస్తే కారణం చాలావరకు మినిమల్ ఛేంజ్ డిసీజ్. పేరుకు తగ్గట్టే బయాప్సీ ముక్క మామూలు మైక్రోస్కోప్‌లో దాదాపు ఆరోగ్యంగా కనిపిస్తుంది. పాదాలు చదునవడం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లోనే తెలుస్తుంది. అందుకే ఇలాంటి పిల్లలకు సూది గుచ్చి ముక్క తీయకుండానే స్టెరాయిడ్ మొదలుపెడతారు. ఎక్కువమందిలో నాలుగు వారాల్లోపే ప్రోటీన్ పోవడం ఆగుతుంది. ఆగకపోయినా, మూత్రంలో రక్తం కనిపించినా, బీపీ పెరిగినా అప్పుడు బయాప్సీ. అదే వాపుతో యాభై ఏళ్ల మనిషి వస్తే దారి మారుతుంది. చక్కెర జబ్బు, లూపస్, హెపటైటిస్-బి, మెంబ్రేనస్ నెఫ్రోపతీ ఇలా ఎన్నో చూడాలి. చివరిదాన్ని పట్టించే పీఎల్‌ఏ2ఆర్ యాంటీబాడీని 2009లో గుర్తించాక కొందరికి బయాప్సీ అవసరం తప్పింది.

నాకు ఈ చార్టులో అనుమానం కలిగించే బాణం ఒకటుంది. అల్బుమిన్ తగ్గితే నీరు రక్తనాళాల్లో నిలవక కణజాలంలోకి జారి వాపు వస్తుందని అది చెబుతుంది. కానీ పుట్టుకతోనే అల్బుమిన్ దాదాపు లేని అరుదైన మనుషులున్నారు. వాళ్లకు వాపు ఉంటే కొద్దిగానే ఉంటుంది. చాలామంది రోగుల్లో కిడ్నీయే ఉప్పును పట్టి ఉంచుతుందని, అందువల్లే నీరు నిలుస్తుందని ఇప్పుడు తెలుసు. ఇది చికిత్సను మార్చే విషయం. ఉప్పు, నీరు ఎక్కువైన పిల్లాడికి మూత్రం ఎక్కువగా వచ్చే మందు మేలు చేస్తుంది. నాళాల్లో రక్తం తగ్గి చేతులు చల్లబడి, నాడి వేగంగా కొట్టుకుంటున్న పిల్లాడికి అదే మందు ఇస్తే బీపీ పడిపోవచ్చు, రక్తం గడ్డకట్టనూ వచ్చు. బయటికి ఇద్దరి వాపూ ఒకేలా ఉంటుంది.

రక్తం గడ్డకట్టే ముప్పుకూ మూలం ఆ కారుడే. గడ్డకట్టకుండా కాపాడే యాంటీథ్రాంబిన్ కూడా అల్బుమిన్ వెంట పోతుంది. రోగనిరోధక ప్రోటీన్లూ పోతాయి కాబట్టి న్యూమోకాకస్ లాంటి బ్యాక్టీరియా పొట్టలో చేరిన నీటిలో సులువుగా పెరుగుతుంది. వాపున్న పిల్లాడికి జ్వరం, కడుపునొప్పి కలిసి వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లమనేది అందుకే.

తగ్గాక కూడా చాలామంది పిల్లల్లో ఇది తిరగబెడుతుంది, తరచూ ఒక జలుబు వెనకాలే. అందుకని తల్లిదండ్రులకు ఇంట్లోనే పొద్దుటి మూత్రంలో స్ట్రిప్ ముంచి చూడటం నేర్పుతారు. వరసగా మూడు రోజులు 3+ లేదా అంతకు మించి వస్తే జబ్బు తిరగబెట్టినట్టే. చాలాసార్లు కళ్లు ఉబ్బకముందే ఆ సంగతి స్ట్రిప్ మీద తెలిసిపోతుంది.