గాలిదిండు ఎవరి సంచిలో ఉంది?

రేయ్,

పోయిన నెల మా ఫిల్మ్ క్లబ్బుకి నిన్ను లాక్కెళ్లినప్పుడు, మధ్యలో ఇంటర్వెల్ ఉండదని తెలిశాక నువ్వు పెట్టిన మొహం నాకింకా గుర్తుంది. అరగంట తిరక్కుండానే టీ తాగొస్తానని లేచావు, మళ్లీ రాలేదు. తప్పు నాదే. ఆ సినిమాతో మొదలుపెట్టించి ఉండకూడదు. ఈసారి ఒక్క అవకాశం ఇవ్వు. వచ్చే ఆదివారం పొద్దున క్లబ్బులో ‘టోక్యో స్టోరీ’ వేస్తున్నాం. జపాన్ సినిమా, 1953లో వచ్చింది, నలుపు తెలుపు. దర్శకుడి పేరు యసుజిరో ఓజు. నిడివి రెండుంపావు గంటలు. ఫైట్లు లేవు, పాటలు లేవు, విలన్ కూడా లేడు. ఇవన్నీ ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోకుండా.

కథ రెండు వాక్యాల్లో అయిపోతుంది. సముద్రం ఒడ్డున ఒనోమిచి అనే ఊళ్లో ఉండే ముసలి దంపతులు టోక్యోలో స్థిరపడిన పిల్లల్ని చూడ్డానికి వెళ్తారు. పిల్లలకి తీరిక ఉండదు, వీళ్లు తిరిగొచ్చేస్తారు, వచ్చాక ఆవిడ చనిపోతుంది. చివరిది కూడా చెప్పేశానేమిటని విసుక్కోకు. తెలిసి చూసినా ఈ సినిమాలో పోయేదేమీ లేదు. నేను నాలుగుసార్లు చూశాను.

మనవాళ్లు ఇలాంటి కథ తీయలేదా అంటావేమో. తీశారు. 1972లో ఎన్టీఆర్, అంజలీదేవి నటించిన ‘బడిపంతులు’ గుర్తుందా, తల్లిదండ్రుల్ని విడదీసి చెరొక కొడుకు దగ్గర ఉంచుతారు. అక్కడ తప్పు ఎవరిదో మనకి ఇట్టే తెలిసిపోతుంది, కోపం తెచ్చుకోవడానికి ఎదురుగా మనుషులుంటారు. ఓజు సినిమాలో కోపం ఎవరిమీద పెట్టుకోవాలో తెలీదు, చిక్కంతా అక్కడే. పెద్దకొడుకు కొయిచి ఊరి చివర చిన్న డాక్టరు. ఆదివారం అమ్మానాన్నల్ని బయటికి తీసుకెళ్దామని అందరూ బట్టలు మార్చుకుని సిద్ధమయ్యాక, ఎవరి పిల్లాడికో జ్వరం తగ్గలేదని కబురొస్తుంది. వెళ్లకుండా ఎలా ఉంటాడు చెప్పు? కూతురు షిగె ఇంట్లోనే బ్యూటీ పార్లర్ నడుపుతుంది. అమ్మానాన్నల కోసం మొగుడు మంచి మిఠాయి తెస్తే, అంత ఖరీదైనవి ఎందుకని గొణిగి తనే రెండు నోట్లో వేసుకుంటుంది. దుకాణానికి వచ్చినావిడ వీళ్లెవరని అడిగితే, పల్లె నుంచి వచ్చిన తెలిసినవాళ్లని చెప్తుంది. చూస్తే ఒళ్లు మండుతుంది. కానీ తల్లి పోయినప్పుడు అందరికంటే వెక్కి వెక్కి ఏడ్చేది కూడా ఆవిడే, అది దొంగ ఏడుపు కాదు. భోజనాల దగ్గర కళ్లు తుడుచుకుని, అమ్మ నడుముపట్టీ, నార కిమోనో జ్ఞాపకంగా నాకు కావాలని అడిగేదీ ఆవిడే. ఇలాంటి అక్క మన బంధువుల్లో ఎక్కడ లేదు?

ఇక అసలు విషయానికి వస్తాను. నువ్వు దీన్ని ‘స్లో’ అంటావు. అందరూ అదే అంటారు, నేనూ మొదటిసారి అన్నాను. రెండోసారి చూసినప్పుడు ఒకటి గమనించాను: మాటలు నిదానం, మనుషులు నిదానం, కానీ కథ మాత్రం గంతులు వేసుకుంటూ పోతోంది. మొదటి సన్నివేశమే చూడు. ఇద్దరూ సామాన్లు సర్దుకుంటూ ఉంటారు. రైల్లో తల కింద పెట్టుకునే గాలిదిండు కనపడదు. నీ దగ్గరే ఉందని ఆయన, మీకే ఇచ్చానని ఆవిడ. మధ్యలో పక్కింటావిడ కిటికీ దగ్గర నిలబడి, టోక్యో వెళ్తున్నారటగా, అదృష్టవంతులు అని పలకరించి వెళ్తుంది. దిండు దొరుకుతుంది. వెంటనే తెరమీద పొగ గొట్టాలు. టోక్యో వచ్చేసింది! స్టేషను లేదు, రైలు లేదు, కిటికీలోంచి కనిపించే పొలాలు లేవు. దారిలో ఒసాకా స్టేషన్లో చిన్నకొడుకుని కలిశారని కూడా తర్వాత మాటల్లో తెలుస్తుందంతే. వేరే ఎవరైనా అయితే ఆ ప్రయాణాన్ని చూపించి, దిండు వెతుకులాటను కత్తిరించేవారు. ఓజు సరిగ్గా తిరగేశాడు.

సినిమా అంతా ఇదే పని చేస్తాడు. తిరుగు ప్రయాణంలో తల్లికి రైల్లోనే ఒంట్లో బాగోక ఒసాకాలో దిగిపోతారు. అదీ చూపించడు, చిన్నకొడుకు ఆఫీసులో తోటి ఉద్యోగితో చెప్తుంటే మనం వింటాం. ఆవిడ చావు కూడా అంతే. రాత్రి కొయిచి తండ్రినీ చెల్లెలినీ పక్కకి పిలిచి, తెల్లారేదాకా ఉంటే గొప్పే అంటాడు. తండ్రి “అలాగా” అంటాడు. తర్వాత తెల్లవారుజామున ఖాళీగా ఉన్న రేవు, రైలు పట్టాలు, మనిషి అలికిడి లేని వీధి. మళ్లీ గదిలోకి వచ్చేసరికి ఆవిడ మొహం మీద తెల్లగుడ్డ కప్పి ఉంటుంది. ప్రాణం పోయిన ఆ క్షణం మనకి దొరకదు. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు మనలో చాలామందికి జరిగేది ఇదే కదా, ఏ మందు తేవడానికో వెళ్లి వచ్చేసరికి అయిపోయి ఉంటుంది.

అందుకే నిన్ను ఓపిక పట్టమంటున్నాను. నిద్ర ఆపుకుని కూర్చోమని కాదు. చూపించనివన్నీ నీ అంతట నువ్వు పూరించుకోవాలి. ఫోన్ తీసి ఒక్క నిమిషం మెసేజ్ చూసుకున్నావంటే ఒక ఊరు దాటిపోతుంది.

కెమెరా గురించి రెండు మాటలు, చూస్తుంటే నీకు వింతగా అనిపిస్తుంది కనక. చాప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తు కన్నా కూడా కిందే పెడతాడు దాన్ని. ఛాయాగ్రాహకుడు యుహారు అత్సుతా ఏళ్ల తరబడి ఈ దర్శకుడి దగ్గర నేల మీదే పనిచేశాడు. జపాన్ ఇళ్లలో అందరూ కిందే కూర్చుంటారు, మన తాతల కాలంలో అరుగు మీదో మండువాలోనో కూర్చున్నట్టు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒక్కొక్కరినీ ఎదురుగా, దాదాపు మనవైపే చూస్తున్నట్టు చూపిస్తాడు. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. కాసేపటికి ఆ గదిలో మూడో మనిషివి నువ్వేనని అనిపించడం మొదలవుతుంది. సన్నివేశానికీ సన్నివేశానికీ మధ్య ఆరేసిన బట్టలో, ఖాళీ నడవో, పడవో కొన్ని క్షణాలు కనిపిస్తాయి. వాటికి అర్థం వెతకొద్దు. ఊపిరి పీల్చుకో.

ఆ కెమెరా దాదాపు కదలదు. అందుకే కదిలినప్పుడు చూడు. పిల్లలు వీళ్లని అతామి అనే వేడినీటి బుగ్గల ఊరికి పంపిస్తారు, చూపులకి మర్యాదే, నిజానికి తమకి వీలు పడక. అక్కడ రాత్రంతా పేకాటలాంటి మాజాంగ్ ఆటలు, పాటలు, కేకలు. ఇద్దరికీ కన్ను మూతపడదు. ఒక రోజు ముందే టోక్యో వచ్చేస్తారు. ఆ రాత్రి కూతురింట్లో ఏదో మీటింగు, చోటు లేదు. ఇద్దరూ ఉయెనో పార్కు దగ్గర గోడ పక్కన కూర్చుని ఉంటారు, ఎక్కడ తలదాచుకోవాలా అని. అప్పుడు కెమెరా గోడ వెంబడి మెల్లగా నడిచి వాళ్ల దగ్గరికి వెళ్తుంది. చివరికి మనకి ఇల్లు లేకుండా పోయిందని ఆయన నవ్వుతాడు. నాకు గొంతు పట్టేసింది ఇక్కడే, చావు దగ్గర కాదు.

అతామిలోనే ఇంకోటి ఉంది, జాగ్రత్తగా చూడకపోతే జారిపోతుంది. తెల్లవారాక ఇద్దరూ సముద్రపు గట్టు మీద కూర్చుని, ఇక ఇంటికి పోదామనుకుంటారు. ఆవిడ లేవబోయి తూలి, మళ్లీ చతికిలబడుతుంది. ఏమైందంటే, నిద్రలేక కాస్త తల తిరిగింది, ఇప్పుడు బాగానే ఉందంటుంది. సంగీతం పెరగదు, కెమెరా దగ్గరికి పోదు, ఆయన కంగారు పడడు. ఆ నాలుగు క్షణాలే చివర్లో జరిగేదానికి ముందస్తు కబురు. మన సినిమాలో అయితే అక్కడ వీణ తీగ తెగేది.

ఆ ముసలాయనగా వేసిన చిషు ర్యు వయసు అప్పటికి యాభై కూడా నిండలేదు తెలుసా! డెబ్బై ఏళ్ల మనిషి నడక, విసనకర్ర విసురుకునే తీరు, అన్నీ నటనే. ఆయన నోట ఎక్కువగా వినిపించే మాట “సో కా”, మన “అలాగా”. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో అది చాలాచోట్ల ఎగిరిపోతుంది, అందుకని కళ్లతో చదువుతూనే చెవి అటు పెట్టు. భార్య బతకదని తెలిసినప్పుడు కూడా ఆయన ఆ మాటే అంటాడు. పొద్దున్నే కనపడకపోతే కోడలు వెతుక్కుంటూ వెళ్తుంది. సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉంటాడు. సూర్యోదయం చాలా బాగుంది, ఈరోజు కూడా ఎండ ఎక్కువే ఉంటుందేమో అంటాడు. అంతే.

కోడలంటే గుర్తొచ్చింది, ఆవిడ గురించి చెప్పకుండా ఉత్తరం ముగిస్తే పాపం. యుద్ధంలో పోయిన రెండో కొడుకు భార్య నోరికో, సెట్సుకో హారా వేసింది. కన్న పిల్లలకి లేని తీరిక ఈ కోడలికి ఉంటుంది. ఆఫీసుకి సెలవు పెట్టి బస్సులో ఊరు చూపిస్తుంది. తన ఒంటి గదికి తీసుకెళ్లి, పక్కింటి వాళ్ల దగ్గర సారా బదులు తెచ్చి మామకి పోస్తుంది. ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు దేవత అనుకున్నాను, కాస్త విసుగు కూడా పుట్టింది. చివర్లో మామగారు మెచ్చుకుంటే ఆవిడ ఒప్పుకోదు. నేను మీరనుకునేంత మంచిదాన్ని కాదు, మీ అబ్బాయి గుర్తురాని రోజులు కూడా ఉంటున్నాయి అంటుంది. ఇన్నాళ్లూ మోసిన నవ్వు అక్కడ దించుతుంది. ఆ తర్వాత మామగారు ఆవిడ చేతికి ఒక వస్తువు ఇస్తారు, అది మాత్రం చెప్పను.

ఒక హెచ్చరిక. సినిమా అసలు నెగెటివ్ ల్యాబులో అగ్నిప్రమాదంలో పోయింది. మనం చూసేదంతా మిగిలిన ప్రతుల నుంచి బాగుచేసి తెచ్చింది. అక్కడక్కడా శబ్దం గరగరలాడితే క్లబ్బు ప్రొజెక్టర్ మీద పడొద్దు. ఇంట్లో ఫోన్‌లో చూస్తానంటావా, అస్సలు వద్దు. గదిలో వెనకాల తలుపు పక్కన ఎవరు కూర్చున్నారో చిన్న తెర మీద కనపడదు, ఈ సినిమాలో సగం సంగతి అక్కడే. మొదటి నలభై నిమిషాలు నీకు విసుగు పుడుతుంది, పుట్టనీ. నోరికో గదిలోకి వెళ్లేదాకా కూర్చో. అప్పటికీ లేచిపోవాలనిపిస్తే లేచిపో, ఈసారి టీ సాకు అక్కర్లేదు.

చెల్లెమ్మని కూడా తీసుకురా. మీ అబ్బాయి డాలస్ రమ్మంటున్నాడని చెప్పావు కదా, టికెట్లు తీసేలోపు చూడండి. భయపెట్టడానికి కాదు, మీ సామాన్ల సర్దుడు నాకు తెలుసు కనక అంటున్నాను.

పదింటికి మొదలు. పది నిమిషాలు ముందే రా, ఆలస్యంగా వస్తే దిండు దొరికిపోయి ఉంటుంది. సాయంత్రం ఫోన్ చేసి, అది ఎవరి సంచిలో దొరికిందో అడుగుతాను.

నీ వాడు