గ్రూపులో ఉన్న బాట్ ఎవరి మనిషి?

టెలిగ్రామ్‌లో ఒక హైస్కూలు పదో తరగతి బ్యాచ్ గ్రూపు ఉందనుకుందాం. నూట నలభై మంది. ఎక్కువమంది గుంటూరు, విజయవాడ, హైదరాబాద్‌లలో ఉంటారు, ఓ పాతికమంది డాలస్‌లో స్థిరపడ్డారు. సంక్రాంతికి అందరూ కలవాలన్నది ఆలోచన. తేదీ తేల్చాలి, ఆదివారం ఏడింటి ఆన్‌లైన్ మీటింగు అందరికీ గుర్తుచేయాలి, ఫంక్షన్ హాలు వెతకాలి. అడ్మిన్ ఒక్కడి వల్ల ఇదంతా కాదు. ఎవరో ఒక బాట్ పేరు చెప్పారు, గ్రూపులో చేర్చారు. ఆదివారం సాయంత్రం ఏడు దాటింది, బాట్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. రాత్రి పన్నెండున్నరకు మాత్రం అందరి ఫోన్లూ మోగాయి. "ఒరేయ్, మీటింగు ఏడింటికి కదా, అర్ధరాత్రి ఈ గోలేంట్రా?" అని తిట్లు మొదలయ్యాయి.

ఇక్కడ బాట్ చెడిపోలేదు. చెప్పిన పని చెప్పినట్టే చేసింది. చాలా బాట్లు సొంత గడియారాన్ని యూటీసీ అనే అంతర్జాతీయ సమయానికి పెట్టుకుంటాయి. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. అడ్మిన్ 19:00 అని రాస్తే బాట్ దాన్ని యూటీసీ 19:00గా తీసుకుంది. అప్పటికి మనకు సోమవారం తెల్లవారుజామున 12:30. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. అమెరికాలో మార్చిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, నవంబరులో వెనక్కి తెస్తారు. మనం జరపం. అందుకే మన సాయంత్రం ఏడు, డాలస్‌లో శీతాకాలం ఉదయం ఏడున్నర అయితే వేసవిలో ఎనిమిదిన్నర అవుతుంది. ప్రతి ఆదివారం మోగేలా రిమైండర్ పెట్టినవాళ్లు మార్చి, నవంబరు నెలల్లో దాన్ని ఒకసారి సరిచూసుకోవాలి.

ఏ రిమైండర్ బాట్ అయినా సరే, మొదట దాని సెట్టింగుల్లో టైమ్ జోన్ చూడండి. `Asia/Kolkata` అని ఉంటే అది మన సమయమే. తర్వాత ఐదు నిమిషాల్లో మోగేలా ఒక రిమైండర్ పెట్టి చూడండి. అది సరిగ్గా వస్తేనే అసలు పని అప్పగించండి.

అసలు ఈ చిన్న పనికి బయటి బాట్ అవసరమే లేదు. టెలిగ్రామ్‌లోనే 2019 నుంచి ఆ సదుపాయం ఉంది. మీకు మీరు గుర్తుచేసుకోవాలంటే `Saved Messages` తెరిచి, విషయం టైపు చేసి, పంపే బాణం గుర్తును కాసేపు నొక్కి పట్టుకోండి. `Set a Reminder` అని వస్తుంది. తేదీ, సమయం ఎంచుకుంటే చాలు. గ్రూపులో అదే బాణాన్ని నొక్కి పట్టుకుంటే `Schedule Message` అని వస్తుంది. ఆదివారం ఆరున్నరకు వెళ్లాల్సిన మెసేజ్‌ను గురువారమే రాసి పెట్టేయొచ్చు. సమయాన్ని మీ ఫోను గడియారం ప్రకారమే ఎంచుకుంటారు కాబట్టి యూటీసీ బెడద ఉండదు.

ఈ రెండింటికీ తేడా ఎక్కడుందో తెలిస్తే, దేన్ని ఎంత నమ్మాలో కూడా తెలుస్తుంది. షెడ్యూల్ చేసిన మెసేజ్ టెలిగ్రామ్ సర్వర్‌లో ఉంటుంది. గ్రూపులో చేర్చిన బాట్ అలా కాదు. టెలిగ్రామ్ 2015 జూన్‌లో బాట్లకు తలుపు తెరిచింది. అప్పటి నుంచి ప్రోగ్రామింగ్ కాస్త వచ్చినవాళ్లు ఎవరైనా `@BotFather` అనే అధికారిక బాట్ దగ్గరకు వెళ్లి, ఒక పేరు పెట్టి, సొంత బాట్ తయారు చేసుకోవచ్చు. మనకు అది టెలిగ్రామ్ లోపల కనిపించినా, పని చేసేది దాన్ని తయారుచేసిన మనిషి కంప్యూటర్లోనో, అతను అద్దెకు తీసుకున్న సర్వర్‌లోనో. మనం బాట్‌కు పంపిన మాట టెలిగ్రామ్ మీదుగా అక్కడికి చేరుతుంది, జవాబు అక్కడి నుంచే వస్తుంది.

అతను సర్వర్ అద్దె కట్టడం మానేస్తే బాట్ ఆగిపోతుంది. కానీ గ్రూపు సభ్యుల జాబితాలో దాని పేరు, బొమ్మ ఎప్పటిలాగే ఉంటాయి. రిమైండర్ పెట్టిన మనకు అది ఆగిందన్న కబురే అందదు. రిమైండర్ బాట్లతో వచ్చే పెద్ద ప్రమాదం ఇదే: మోగకపోతే మోగలేదని చెప్పేవాళ్లుండరు. అందుకే కాఫీకి కలుద్దామన్నంత చిన్న విషయాలకు బాట్ చాలు. బీపీ మాత్ర, ఈఎంఐ గడువు, పరీక్ష ఫీజు చివరి తేదీ లాంటివి ఫోన్ అలారంలోనో, క్యాలెండర్‌లోనో ఉండాల్సిందే. గ్రూపు బాట్ మీద అనుమానం వస్తే `/start` అని పంపి చూడండి. ఎంతసేపటికీ జవాబు రాకపోతే ఆ బాట్‌ను వదిలేయడమే మంచిది.

తేదీ తేల్చే పోల్ సంగతి చూద్దాం. దీనికీ బయటి బాట్ అక్కర్లేదు. అటాచ్‌మెంట్ గుర్తు నొక్కితే పోల్ కనిపిస్తుంది. వాట్సాప్‌లోనూ 2022 నవంబరు నుంచి ఉంది, అందులో పన్నెండు జవాబుల దాకా ఇవ్వొచ్చు. చిక్కంతా ఫలితాన్ని చదవడంలో ఉంది. మన బ్యాచ్ గ్రూపు పోల్‌లో జనవరి 12కు నలభై ఓట్లు, 17కు ముప్పై ఎనిమిది వచ్చాయనుకోండి. పన్నెండో తేదీ గెలిచిందనేనా? నూట నలభై మందిలో అరవై రెండు మంది అసలు ఓటే వేయలేదు. పైగా టెలిగ్రామ్‌లో ఒక పోల్‌ను వేరే గ్రూపుకు ఫార్వర్డ్ చేస్తే అక్కడ పడే ఓట్లు కూడా ఈ లెక్కలోనే కలుస్తాయి. జూనియర్ బ్యాచ్ గ్రూపులోకి ఎవరో సరదాగా పంపితే ఆ నలభైలో మనవాళ్లు ఎందరో చెప్పలేం. ఒకే మనిషి రెండు నంబర్లతో గ్రూపులో ఉంటే రెండు ఓట్లు వేయొచ్చు.

దీనికి మందు పోల్ పెట్టేటప్పుడే ఉంది. టెలిగ్రామ్ పోల్‌లో ఓటరు పేరు కనపడని పద్ధతి మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. తేదీ లాంటి విషయానికి దాన్ని ఆఫ్ చేస్తే ఎవరు దేనికి వేశారో అందరికీ తెలుస్తుంది, బయటివాళ్ల పేర్లు పట్టుకోవచ్చు. వాట్సాప్‌లో ఓట్లు పేర్లతోనే కనపడతాయి. గడువు దాటగానే పోల్ పెట్టినవాళ్లు దాన్ని ఆపేయాలి, లేదంటే ఓటు వెనక్కి తీసుకుని మార్చుకునేవాళ్లు మార్చుకుంటూనే ఉంటారు. అయితే చందా ఎంత వేయాలి, అధ్యక్షుడిగా ఎవరుండాలి లాంటి మొహమాటం ఉండే ప్రశ్నలకు పేర్లు కనపడితే నిజమైన అభిప్రాయం రాదు. అలాంటప్పుడు పేరు లేని పోల్ పెట్టి, దాన్ని సలహాగానే తీసుకుని, తుది నిర్ణయం మీటింగులో చేయడం న్యాయం. డబ్బుకు, పదవికి సంబంధించిన తీర్మానానికి పోల్ స్క్రీన్‌షాట్ సాక్ష్యం కాదు.

ఇక వెతకడం. టెలిగ్రామ్ 2016 జనవరిలో ఇన్‌లైన్ బాట్లు తెచ్చింది. మెసేజ్ రాసే చోట `@wiki` అని కొట్టి, ఖాళీ వదిలి, కావాల్సిన మాట రాస్తే వికీపీడియా వ్యాసాల జాబితా వస్తుంది. ఒకటి నొక్కితే ఆ లింకు గ్రూపులోకి వెళ్తుంది, పైన `via @wiki` అని ఉంటుంది. సదుపాయం బాగుంది. కానీ ఇన్‌లైన్ బాట్ పేరు తర్వాత మీరు టైపు చేసే మాటలు, మీరు పంపక ముందే, ఆ బాట్ నడిపేవాళ్లకు చేరతాయి. జాబితా మీరు రాస్తుండగానే రావాలంటే అది తప్పదు. కాబట్టి తెలియని బాట్ పేరు పక్కన ఆధార్ నంబరు, జబ్బు పేరు, ఎవరిదో ఫోన్ నంబరు పెట్టి వెతకకండి. రాసి చెరిపేసినా లాభం లేదు.

దీని తీవ్రత ఎంతో 2023 జూన్‌లో దేశమంతా చూసింది. ఫోన్ నంబరు కొడితే కోవిడ్ టీకా వేయించుకున్న మనిషి పేరు, గుర్తింపు కార్డు వివరాలు చూపించే టెలిగ్రామ్ బాట్ ఒకటి బయటపడింది. అది కోవిన్ డేటాబేస్‌లోకి నేరుగా వెళ్లడం లేదని ప్రభుత్వం చెప్పింది. ఆ వివరాలు ఎక్కడివన్న ప్రశ్న ఎలా ఉన్నా, అందులో నంబరు కొట్టిన ప్రతి ఒక్కరూ ఆ నంబరును ముఖం తెలియని మనిషికి అందించారు. వెతికిపెట్టే బాట్ మన ప్రశ్నను కూడా దాచిపెట్టుకోగలదు.

వాట్సాప్‌లో 2024 జూన్ నుంచి మన దేశంలో వచ్చిన మెటా ఏఐ సంగతి వేరు. `@wiki` ఉన్న పేజీని తెచ్చి ఇస్తుంది. మెటా ఏఐ తానే వాక్యాలు అల్లి చెబుతుంది. వాక్యం ఎంత తీరుగా ఉంటే అంత నిజమనిపిస్తుంది, కానీ తప్పు జవాబు కూడా అంతే తీరుగా వస్తుంది. వంట చిట్కా, ఉత్తరం ముసాయిదా లాంటివాటికి పనికొస్తుంది. రైలు వేళ, ఫీజు గడువు, మందు మోతాదు దాన్ని అడిగి తెలుసుకుంటే మాత్రం, సంబంధిత సంస్థ పేజీలోనో డాక్టరు దగ్గరో సరిచూసుకోకుండా అడుగు వేయకూడదు. దానితో మాట్లాడిన మాటలు కంపెనీకి చేరతాయి కాబట్టి అక్కడా సొంత రహస్యాలు వద్దు.

బయటి బాట్‌ను గ్రూపులో చేర్చక తప్పని సందర్భాలూ ఉంటాయి. అప్పుడు అది ఏం చదవగలదో అడ్మిన్ తెలుసుకోవాలి. టెలిగ్రామ్‌లో కొత్త బాట్‌కు మామూలుగా అన్ని మెసేజ్‌లూ అందవు. వాలుగీతతో మొదలయ్యే ఆదేశాలు, దాని మెసేజ్‌లకు ఇచ్చిన జవాబుల లాంటివే అందుతాయి. తయారుచేసినవాళ్లు ఆ కట్టడి తీసేస్తే, లేదా మీరే దాన్ని అడ్మిన్ చేస్తే, ఆపైన గ్రూపులో వచ్చే మాటలన్నీ దానికి చేరతాయి. సభ్యుల జాబితాలో బాట్ పేరు కింద చూడండి. `has no access to messages` అని ఉంటే కట్టడి ఉన్నట్టు. `has access to messages` అని ఉంటే అది అన్నీ చదవగలదు. రిమైండర్ పంపడానికి అడ్మిన్ హోదా అడిగే బాట్‌ను అనుమానించండి. తర్వాత గ్రూపులోంచి తీసేసినా, అప్పటికే అది దాచుకున్నది చెరిగిపోదు.

బాట్ పేరును, బొమ్మను చూసి మోసపోవడం చాలా తేలిక. బ్యాంకు పేరు, బ్యాంకు గుర్తు ఎవరైనా పెట్టుకోవచ్చు. నొక్కక ముందు `@`తో మొదలయ్యే యూజర్‌నేమ్‌ను అక్షరం అక్షరం చదవండి. ఆ బాట్ పేరు సంస్థ సొంత వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. మన ఫోన్ నంబరు బాట్‌కు తనంతట తాను తెలియదు. నంబరు పంపే బటన్ మనం నొక్కి, ఒప్పుకుంటేనే వెళ్తుంది, ఆ బటన్ దగ్గర ఆగి ఆలోచించండి. ఓటీపీగానీ, టెలిగ్రామ్ పంపే లాగిన్ కోడ్‌గానీ అడిగే బాట్ మోసగాడిదే, అందులో రెండో ఆలోచన లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

మన బ్యాచ్ అడ్మిన్‌కు చివరికి మిగిలే పని ఇది. ఆదివారం మెసేజ్‌ను తనే షెడ్యూల్ చేసుకోవాలి, సంక్రాంతి పోల్‌ను పేర్లు కనపడేలా మళ్లీ పెట్టాలి, ఓటు వేయనివాళ్లకు ఫోన్ చేసి కనుక్కోవాలి, ఫంక్షన్ హాలు అద్దె యజమానినే అడగాలి. వీటిలో ఒక్కదానికీ బయటి బాట్ అవసరం పడలేదు కాబట్టి దాన్ని ఈ రోజే గ్రూపులోంచి తీసేయవచ్చు.