స్థలం అంచున పిల్లర్: కంబైన్డ్ ఫుటింగ్ పొడవు, నేల మీద ఒత్తిడి

మామూలు పిల్లర్ కింద ఫుటింగ్ నాలుగు వైపులా సమానంగా విస్తరించి ఉంటుంది. పిల్లర్ సరిగ్గా దాని నడిమధ్యన నిలుస్తుంది కాబట్టి బరువు నేల మీద అంతటా ఒకేలా పడుతుంది. పిల్లర్ స్థలం సరిహద్దును ఆనుకుని ఉంటే ఈ ఏర్పాటు కుదరదు. పునాదిని పక్కవారి స్థలంలోకి అంగుళం కూడా జరపడానికి వీల్లేదు. అప్పుడు ఫుటింగ్ మొత్తం లోపలివైపే పెరగాలి, పిల్లర్ మాత్రం దాని బయటి అంచు మీదే ఉండిపోతుంది.

దీనివల్ల జరిగే నష్టం ఎంతటిదో ఒక ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. అంచు పిల్లర్ మీద 60 టన్నుల బరువు ఉందనుకుందాం. దాని కొలత 30 సెంటీమీటర్ల చదరం, బయటి ముఖం సరిహద్దు గీత మీదే ఉంది. నేల సురక్షితంగా మోయగల బరువు, అంటే ఇంజనీర్లు ఎస్‌బీసీ అనేది, చదరపు మీటరుకు 15 టన్నులు. ఫుటింగ్ సొంత బరువుకు పదో వంతు కలిపితే మొత్తం 66 టన్నులు. దానికి 2.1 మీటర్ల చదరపు ఫుటింగ్ సరిపోవాలి. కానీ ఫుటింగ్ మధ్య అంచు నుంచి 1.05 మీటర్ల దూరంలో ఉంటే, పిల్లర్ మధ్య 0.15 మీటర్ల దూరంలోనే ఉంది. లెక్క కడితే ఫుటింగ్ అడుగున బయటివైపు 70 సెంటీమీటర్ల మేరే నేలకు ఒత్తుకుంటుంది, మిగతాది పైకి లేవబోతుంది. అంచు దగ్గర ఒత్తిడి చదరపు మీటరుకు 90 టన్నులకు చేరుతుంది, అంటే నేల శక్తికి ఆరు రెట్లు. ప్లింత్ బీములు కొంత అడ్డుకోవచ్చు గానీ, ఫుటింగ్ బయటివైపు కుంగి తిరిగితే పిల్లర్ వంగుతుంది, గోడల్లో పగుళ్లు వస్తాయి.

దీనికి విరుగుడు, అంచు పిల్లర్‌కు దగ్గరలో ఉన్న లోపలి పిల్లర్‌నూ కలుపుకుని రెండింటికీ ఒకే ఫుటింగ్ వేయడం. అదే కంబైన్డ్ ఫుటింగ్. పైన చెప్పిన అంచు పిల్లర్‌కు 4 మీటర్ల దూరంలో 90 టన్నుల బరువు మోసే 40 సెంటీమీటర్ల పిల్లర్ ఉందనుకుందాం. దూరాన్ని రెండు పిల్లర్ల మధ్యబిందువుల నుంచే కొలవాలి.

మొదట తేల్చవలసింది రెండు బరువులూ కలిసి ఏ బిందువు దగ్గర పనిచేస్తాయన్నది. కావడి మోసేవాడు బరువైన వైపుకు భుజం జరుపుకున్నట్టే, ఈ బిందువు కూడా బరువైన పిల్లర్ వైపే జరుగుతుంది. 90ని 4తో హెచ్చించి, మొత్తం బరువు 150తో భాగిస్తే 2.4 వస్తుంది. అంటే అంచు పిల్లర్ మధ్య నుంచి 2.4 మీటర్లు. ఆ పిల్లర్‌లో సగం 0.15 మీటరు కలిపితే, ఫుటింగ్ బయటి అంచు నుంచి 2.55 మీటర్లు. షట్టరింగ్ కోసం సరిహద్దు దగ్గర కొంత ఖాళీ వదిలితే, కొలత సరిహద్దు నుంచి కాక ఫుటింగ్ అంచు నుంచే తీసుకోవాలి.

ఒత్తిడి అంతటా సమానంగా ఉండాలంటే ఫుటింగ్ నడిమధ్య సరిగ్గా ఈ బిందువు కిందికే రావాలి. బయటి అంచు ఇక కదలదు కాబట్టి పొడవు తనంతట తానే తేలిపోతుంది: 2.55కు రెట్టింపు, 5.10 మీటర్లు. ఇందులో ఇంజనీరు ఇష్టానికి చోటు లేదు. లోపలి పిల్లర్ మధ్య అంచు నుంచి 4.15 మీటర్ల దగ్గర ఉంది కనుక, ఫుటింగ్ దాన్ని దాటి ఇంకా 0.95 మీటరు ముందుకు వస్తుంది.

పొడవు దొరికాక వెడల్పు సులువు. సొంత బరువుకు పదో వంతు కలిపితే 165 టన్నులు, దాన్ని 15తో భాగిస్తే 11 చదరపు మీటర్లు కావాలి. 11ని 5.10తో భాగిస్తే 2.16, దాన్ని 2.2 మీటర్లు చేయవచ్చు. అప్పుడు వైశాల్యం 11.22 చదరపు మీటర్లు, నేల మీద ఒత్తిడి 14.7 టన్నులు. పదో వంతు అన్నది అంచనాయే కనుక మందం తేలాక మళ్లీ చూసుకోవాలి. మందం 60 సెంటీమీటర్లు అయితే కాంక్రీటు బరువు దాదాపు 16.8 టన్నులు. అప్పుడు ఒత్తిడి 14.9 అవుతుంది, పరిమితి లోపలే.

పెద్ద ఫుటింగ్ ఎప్పుడూ మంచిదే అన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. వెడల్పు అదే ఉంచి పొడవును 6 మీటర్లకు పెంచారనుకుందాం. సగటు ఒత్తిడి 12.5 టన్నులకు తగ్గి, చూడడానికి క్షేమంగానే కనిపిస్తుంది. కానీ ఫుటింగ్ మధ్య 3 మీటర్ల దగ్గరికి జరిగింది, బరువు పనిచేసే బిందువు 2.55 దగ్గరే ఉంది. ఆ 45 సెంటీమీటర్ల తేడా వల్ల సరిహద్దు వైపు ఒత్తిడి 17.6 టన్నులకు పెరుగుతుంది, లోపలి చివర 7.4కు పడిపోతుంది. కాంక్రీటు ఎక్కువ పోసి నేలను మరింత ప్రమాదంలోకి నెట్టినట్టవుతుంది.

5.10 మీటర్లు అన్నది 60కి 90 అన్న నిష్పత్తికే సరిపోతుంది. లోపలి పిల్లర్ మీద మనుషులు, సామాన్ల బరువు లేక 70 టన్నులే ఉండి, అంచు పిల్లర్ నిండు బరువుతో ఉంటే, బిందువు సరిహద్దు వైపు దాదాపు 25 సెంటీమీటర్లు జరుగుతుంది. మొత్తం బరువు తగ్గినా అంచున ఒత్తిడి 16 టన్నులు దాటుతుంది. గాలి, భూకంపం పిల్లర్లను వంచే బలాలూ ఇలాంటి జరుగుబాటే తెస్తాయి. అందుకే ఒక్క లెక్కతో ఆగకుండా రకరకాల బరువుల కలయికలకు ఒత్తిడి సరిచూసి, అవసరమైతే వెడల్పు పెంచాలి. నేల మీద ఒత్తిడి చూసేటప్పుడు వాడవలసినవి అసలు బరువులే. ఒకటిన్నర రెట్లు పెంచిన బరువులు కాంక్రీటు మందానికీ ఇనుముకూ సంబంధించినవి.

ఇనుము దగ్గర ఈ ఫుటింగ్ అలవాటును తలకిందులు చేస్తుంది. మామూలు ఫుటింగ్‌లో ప్రధానమైన కడ్డీలు అడుగున ఉంటాయి. ఇక్కడ నేల కింది నుంచి మీటరు పొడవుకు 29.4 టన్నులతో పైకి నెడుతుంటే, రెండు పిల్లర్లు పైనుంచి పట్టి ఉంచుతాయి. పిల్లర్ల మధ్య భాగం పైకి ఉబ్బబోతుంది, అందువల్ల సాగేది పైముఖం. అంచు నుంచి సుమారు 2.04 మీటర్ల దగ్గర ఈ వంపు అత్యధికం. పొడవు వెంట ప్రధాన కడ్డీలు అక్కడ పైనే ఉండాలి. లోపలి పిల్లర్ దాటి ముందుకు వచ్చిన భాగంలోనూ, పిల్లర్ల కింద అడ్డంగానూ మాత్రం అడుగున ఉండాలి. అలవాటు కొద్దీ ఇనుమంతా కిందే పరిస్తే పైన పగులు పడుతుంది. మట్టి కప్పేశాక అది కంటికి కనబడదు కాబట్టి, కాంక్రీటు పోయకముందే పైవరస కడ్డీలు ఉన్నాయో లేదో చూడాలి.

దీర్ఘచతురస్రానికి ఒక హద్దు ఉంది. బరువులు తారుమారై అంచు పిల్లర్ మీద 90, లోపలి దాని మీద 60 టన్నులు ఉంటే బిందువు అంచు నుంచి 1.75 మీటర్ల దగ్గరికి వస్తుంది, పొడవు 3.5 మీటర్లే అవుతుంది. 4.15 దగ్గర ఉన్న లోపలి పిల్లర్ ఫుటింగ్ బయటే మిగిలిపోతుంది. అప్పుడు సరిహద్దు వైపు వెడల్పుగా, లోపలికి వచ్చేకొద్దీ సన్నబడే ఆకారం వేస్తారు. 4.5 మీటర్ల పొడవుకు ఒక చివర 4.1, రెండో చివర 0.8 మీటర్ల వెడల్పు ఇస్తే వైశాల్యం, మధ్యబిందువు రెండూ సరిపోతాయి. సరిహద్దు వెంట అంత వెడల్పుకు చోటు లేకపోయినా, పిల్లర్లు మరీ దూరంగా ఉన్నా, రెండు విడి ఫుటింగులు వేసి వాటిని బలమైన స్ట్రాప్ బీముతో కలపడమే సరైన మార్గం.