విన్న అంకె వేరు, రాయాల్సిన అంకె వేరు

పై చదువులకు విదేశాలకు వెళ్లాలనుకునే మన పిల్లల్లో చాలామంది ఐఈఎల్‌టీఎస్ రాస్తారు. అందులో లిజనింగ్ విభాగానికి 40 ప్రశ్నలు. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. మొదటి భాగం ఇద్దరి మధ్య మామూలు సంభాషణ కాబట్టి సులువే అనిపిస్తుంది. తీరా చూస్తే తేదీలు, ధరల దగ్గర మార్కులు పోతుంటాయి.

ఎందుకు పోతున్నాయో ఆడియో ట్రాన్స్‌క్రిప్టులో కనిపిస్తుంది. ఆ తరహాలో నేను అల్లిన సంభాషణ ఒకటి చూడండి. ఒక విద్యార్థిని అద్దె గది కోసం ఫోన్ చేసింది. ఫారంలో నింపాల్సినవి రెండు: నెల అద్దె, చేరే తేదీ.

"ప్రకటనలో 415 పౌండ్లని చూశానండీ."

"అది పోయినేడాది ధర. ఇప్పుడు 450. ఏడాదికి తీసుకుంటే 440కి ఇస్తాం."

"లేదండీ, నేనుండేది మూడు నెలలే. సెప్టెంబరు 13న చేరొచ్చా?"

"అప్పటికి రంగులు వేయడం పూర్తి కాదు. 16న రండి."

"ఆరోజు నాకు క్లాసుంది. మర్నాడు 17న వస్తే?"

"సరే, అలాగే."

అద్దె 450, తేదీ సెప్టెంబరు 17. తేదీ విషయంలో చివర విన్నదే జవాబు. అద్దెలో మాత్రం జవాబు వచ్చాక 440 అనే ఎర పడింది. అందుకే 'చివరి అంకె రాసేయ్' అనే చిట్కాను నమ్మొద్దు. ఏ అంకెను ఎవరు కాదన్నారో, దేనికి ఇద్దరూ ఒప్పుకున్నారో పట్టుకోవాలి. యాక్చువల్లీ, బట్, సారీ లాంటి మాటలు వినపడితే, అప్పటిదాకా అన్నది మారబోతోందేమో చూసుకోవాలి. కానీ పై సంభాషణలో 440ని కొట్టేసింది "మూడు నెలలే" అన్న మాట. యాక్చువల్లీ, బట్, సారీ అనే మాటలేవీ అక్కడ లేవు.

ముందు ఆడియో విని జవాబులు రాయండి. ఆ తర్వాతే ట్రాన్స్‌క్రిప్టు తెరవండి, లేదంటే అది చదవడం అవుతుంది తప్ప వినడం కాదు. తప్పిన ప్రశ్న దగ్గర జవాబు కింద గీత గీయండి, ఎరను కొట్టేయండి, దాన్ని కాదన్న మాట చుట్టూ సున్నా చుట్టండి. కాగితం మీద చూడగానే సరైన జవాబు దొరికితే లోపం చెవిది. చదివినా 440 దగ్గరే ఆగిపోతుంటే లోపం మాట వెంట నడవడంలో ఉంది. ఈ రెండింటికీ సాధన వేరు.

చెవి లోపానికి ఉదాహరణ థర్టీన్, థర్టీ. విడిగా పలికితే థర్టీన్‌లో రెండో భాగం మీద ఒత్తు పడుతుంది, థర్టీలో మొదటి దాని మీద. కానీ 'థర్టీన్ పౌండ్స్' అన్నప్పుడు ఆ ఒత్తు ముందుకు జరగొచ్చు. అప్పుడు చివరి 'న్' కోసమే చెవి పెట్టాలి. అలాంటి వాక్యాన్ని ట్రాన్స్‌క్రిప్టు చూస్తూ ఒకసారి, మూసేసి మరోసారి వినండి. ఎర లోపమైతే ఆడియో పక్కన పెట్టి, ప్రతి అంకె పక్కన అది నిలిచిందో, పోయిందో రాస్తూ రెండు మూడు ట్రాన్స్‌క్రిప్టులు చదవండి.

ఇన్ని చేసినా ఒక జవాబు జారిపోతే దాన్ని వదిలి తర్వాతి ప్రశ్న అందుకోండి. చివర్లో అక్కడ మీకు తోచిన అంకె రాయండి. తప్పు జవాబుకు ఈ పరీక్షలో మార్కులు కోయరు.